ఇంటి మీటరుకు దుకాణం రేటు: అప్పు చేసి కట్టాలా?

ప్రశ్న: సార్, మేం అద్దెకు ఉంటున్న పోర్షన్‌కు సబ్ మీటరు ఉంది. మెయిన్ మీటరు బిల్లు మీద గృహ వినియోగం అనే ఉంది. అయినా ఓనరు 11 నెలలుగా కమర్షియల్ రేటు వేస్తున్నారు. పోయిన నెల మెయిన్ మీటరులో 640 యూనిట్లు, మాది 160. మొత్తం బిల్లులో 40 శాతం మమ్మల్నే కట్టమన్నారు. ఇదేమిటని అడిగి రెండు నెలలుగా కట్టడం ఆపేశాం. ఈ వారంలో కట్టకపోతే ఖాళీ చేయమంటున్నారు. చేతిలో డబ్బు లేదు. లోన్ యాప్‌లో తీసుకుని కట్టేసి, తర్వాత వాపసు అడగనా?

జవాబు: వద్దు. మీరు కట్టాల్సిన అవసరమే లేదంటున్న సొమ్ముకు వడ్డీ కూడా కడతారా? వాపసు ఎప్పుడొస్తుందో తెలియదు, అసలు వస్తుందో లేదో తెలియదు. యాప్ వాడి వాయిదా మాత్రం తారీఖు తప్పదు. క్రెడిట్ కార్డుతో నగదు తీయడమూ ఇదే బాపతు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. గొడవలో న్యాయం అద్దెదారు వైపే ఉంటుంది, చేతిలో డబ్బు లేక ఓడిపోతాడు.

ముందు మీ వాదన గట్టిదో కాదో చూసుకోండి. సబ్ మీటరుకు సొంత కేటగిరీ అంటూ ఉండదు. అది ఏ మెయిన్ మీటరు నుంచి వస్తోందో దాని కేటగిరీయే వర్తిస్తుంది. కాబట్టి బిల్లు మీద ఉన్న మీటరు నంబరు, మీ సబ్ మీటరుకు కరెంటు వచ్చే మెయిన్ మీటరు మీద చెక్కి ఉన్న నంబరు ఒకటేనా అన్నది చూడండి. భవనంలో రెండు కనెక్షన్లు ఉండి, మీ లైను దుకాణాల మీటరు నుంచి వస్తుంటే ఓనరు అడిగే రేటు నిజమైనదే. అప్పుడు మీరు అడగాల్సింది వాపసు కాదు, గృహ కనెక్షన్‌కు మార్చమని. ఇంకో పరీక్ష: ఇంట్లో అన్నీ ఆపేసి సబ్ మీటరు చూడండి. ఎర్ర లైటు ఇంకా మినుకుతుంటే మీ మీటరు మీద ఇంకెవరి వాడకమో నడుస్తూ ఉండవచ్చు.

నంబర్లు కలిస్తే లెక్క సులువు. 640లో 160 అంటే నాలుగో వంతు, కాబట్టి బిల్లులో మీ వాటా 25 శాతం. అడిగింది 40. అంటే ఆయన అడిగిన సొమ్ములో ఎనిమిదింట మూడు వంతులు ఎక్కువ. అయితే మీ 160 యూనిట్లకు విడిగా స్లాబు రేటు వేయమని పట్టుబట్టకండి. అందరి వాడకం ఒకే మీటరు మీద పడితే మొత్తం పై స్లాబుకు పోతుంది, సగటు రేటు పెరుగుతుంది. అది ఓనరు మోసం కాదు. రెండు మీటర్ల రీడింగూ ఒకే రోజు ఫొటో తీయండి. మెయిన్ మీటరు నెల మొదట్లో, సబ్ మీటరు నెలాఖరున చూస్తే ఏ వాటా తేలదు.

మీరు చేసిన తప్పు కట్టడం పూర్తిగా ఆపేయడం. దాంతో రేటు గురించి అడుగుతున్న మనిషి కాస్తా బకాయిదారు అయ్యాడు. రెండు నెలలకూ ఆయా నెలల రీడింగుల ప్రకారం మీ వాటా లెక్కగట్టి, బ్యాంకు ద్వారా ఈ వారమే పంపండి. "బిల్లు ప్రకారం మా వాటా ఇది, మిగతాది ఏ లెక్కన అడుగుతున్నారో రాసివ్వండి" అని మెసేజ్ పెట్టండి. అద్దెలో మీకు మీరే కోసుకోకండి. ఆ ఇంట్లో మీరు ఏదైనా వ్యాపారం నడుపుతుంటే మాత్రం కరెంటు ఆఫీసుకు ఫిర్యాదు చేసే ముందు ఆగండి. తనిఖీకి వచ్చినవారు కేటగిరీనే మార్చేస్తే పాత నెలలకూ తేడా వేయవచ్చు.

ఇక ఆ సొమ్ము ఎక్కడిది? ఇంట్లో వాళ్ల దగ్గర వడ్డీ లేకుండా దొరికితే తీసుకోండి, లేదా జీతం అడ్వాన్సు అడగండి. కానీ అసలు రోగం ఇది కాదు. "ఖాళీ చేయండి" అన్న ఒక్క మాటకు మీరు బెదిరిపోవడానికి కారణం అత్యవసర నిధి లేకపోవడం. అద్దెకుండేవారికి మామూలు లెక్క చాలదు. కనీసం మూడు నెలల ఖర్చుతో పాటు, కొత్త ఇంటి అడ్వాన్సు, సామాను తరలింపు ఖర్చు కూడా అందులో ఉండాలి. కొత్త ఓనరుకు అడ్వాన్సు ముందే కట్టాలి, పాతది ఖాళీ చేశాక గానీ చేతికి రాదు. చాలామంది ఆ పాత అడ్వాన్సునే పొదుపు అనుకుంటారు. అవసరమైన రోజు తీయలేని డబ్బు అత్యవసర నిధి ఎలా అవుతుంది? వచ్చే నెల నుంచి కరెంటు బిల్లులో మిగిలే ఆ తేడాను అదే రోజు వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆ నిధి నిండేదాకా కొత్త సిప్‌లు, చీటీలు వద్దు. ఆరోగ్య బీమా ఉంటే మాత్రం ఆపకండి.

ముందు కట్టిన తొమ్మిది నెలల వాపసు సంగతి తొందరేమీ లేదు. ఆ నెలల బిల్లు కాపీలు ఓనరు దగ్గర తీసుకుని, నెలనెలా రీడింగులతో వాటా కట్టి చూడండి. ఒక నెల నిష్పత్తినే అన్నిటికీ వేస్తే ఆయన ఒప్పుకోరు. తేలిన మొత్తాన్ని రాబోయే కరెంటు బిల్లుల్లో సర్దమని అడగండి. నగదు ఇవ్వమనడం కన్నా దానికే ఓనర్లు త్వరగా ఒప్పుకుంటారు.