నాట్ల వేళ ఉరిమితే పని ఎప్పుడు ఆపాలి?

ఉరుములు మొదలైతే కూలీలను ఎప్పుడు గట్టెక్కించాలి? దగ్గర్లో వేపచెట్టు, మోటారు షెడ్డు, ట్రాక్టర్ ఉన్నాయి. ఎక్కడ ఉండాలి?

ఆ మూడూ వద్దు. చెట్టు మీద పడిన పిడుగు మాను పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ల చుట్టూ నేలలోనూ పాకుతుంది. మోటారు షెడ్డులోకి కరెంటు తీగ, ఇనుప పైపు వస్తాయి, వాటి వెంట పిడుగూ వస్తుంది. ట్రాక్టర్‌కు నాలుగు వైపులా మూసిన ఇనుప క్యాబిన్ ఉండదు. పక్కా ఇల్లు, బడి, లేదా అద్దాలు ఎత్తిన ఇనుప టాపు జీపు మంచివి.

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్లలోపు వినిపిస్తే, అంటే 10 కిలోమీటర్లలోపు ఉంటే, పని ఆపాల్సిందే. అయితే ఊరు 800 మీటర్ల దూరంలో ఉంటే, బురద గట్ల మీద చేరడానికి పావుగంట పట్టొచ్చు. అలాంటి పొలంలో లెక్కపెట్టకుండా తొలి ఉరుముకే కదలాలి. చినుకు పడేదాకా ఆగడమే ఎక్కువగా జరిగే పొరపాటు, పిడుగు వానకన్నా ముందే పడగలదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ మడిలో దిగాలి.

దారిలో చిక్కుకుంటే గుంపుగా నడవొద్దు, పడుకోవద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకోవచ్చు, ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి ఆగిపోతే 108కి ఫోన్ చేయించి, వెంటనే సీపీఆర్ మొదలుపెట్టండి.