పట్టకం ఘనపరిమాణం: సులువు నుంచి కష్టానికి ఐదు లెక్కలు, సాధనలతో

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి, కూకట్‌పల్లిలో ఉంటాం. పొడవు × వెడల్పు × ఎత్తు వరకు బాగానే చేస్తుంది. త్రిభుజం పట్టకం రాగానే ఆగిపోతోంది. మొదటి నుంచి నేర్పించడానికి ఐదు లెక్కలు, పూర్తి సాధనలతో ఎవరైనా ఇస్తారా?

జవాబు:

సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఈ పాఠంలో చాలామంది ఆగేది గుణకారం దగ్గర కాదు, ఏ ముఖాన్ని భూమిగా తీసుకోవాలో తెలియక. అందుకే ప్రతి లెక్కకూ ముందు ఒకే ప్రశ్న అడుగుతాను: దీన్ని బ్రెడ్‌లా ముక్కలు కోస్తే, ఎటు నుంచి కోస్తే ముక్కలన్నీ ఒకేలా వస్తాయి? ఆ ముక్క ఆకారమే భూమి. ముక్కలు వరుసగా సాగే దూరమే పట్టకం ఎత్తు, వస్తువు నిలబడి ఉన్నా పడుకుని ఉన్నా సరే. ఘనపరిమాణం = భూవైశాల్యం × ఎత్తు. పాప పెన్సిల్ పట్టకముందే ఆ ముఖానికి బొమ్మలో రంగు వేయించండి.

ఒకటో లెక్క. ఒక డబ్బా లోపలి కొలతలు 5 సెం.మీ., 3 సెం.మీ., 4 సెం.మీ. అందులో 1 సెం.మీ. ఘనాలు ఎన్ని పడతాయి?

సాధన: అడుగున ఒక వరుసకు 5 చొప్పున 3 వరుసలు, అంటే 15 ఘనాలు. ఇలాంటి పొరలు 4. కాబట్టి 15 × 4 = 60 ఘనాలు, ఘనపరిమాణం 60 ఘ.సెం.మీ. పాపకు జవాబు ముందే వచ్చేస్తుంది, అయినా 15 దగ్గర ఒక్కసారి ఆపండి. ఆ 15 భూవైశాల్యం, 4 ఎత్తు. మూడు సంఖ్యలను గుణించడం అలవాటైన పిల్లలకు ఇది రెండు సంఖ్యల లెక్క అని ఇక్కడే కనిపించాలి.

రెండో లెక్క. చెక్కని కొత్త పెన్సిల్ బల్ల మీద పడుకుని ఉంది. దాని చివర షడ్భుజి ముఖం వైశాల్యం 40 చ.మి.మీ., పొడవు 175 మి.మీ. ఘనపరిమాణం ఎంత?

సాధన: భూమి ఆ షడ్భుజి. ఎత్తు 175 మి.మీ. 40 × 175 = 7000 ఘ.మి.మీ. షడ్భుజి వైశాల్యం ఎలా కట్టాలో తెలియకపోయినా ఇబ్బంది లేదు, ఇచ్చేశాం కదా. చెక్కిన పెన్సిల్‌కు ఈ సూత్రం ఎందుకు పనికిరాదో పాపనే అడగండి. మొన దగ్గర ముక్కలు చిన్నవవుతూ పోతాయి అని చెప్పగలిగితే విషయం పట్టుకున్నట్టే.

మూడో లెక్క. గేటు దగ్గర స్కూటర్ ఎక్కించడానికి ఒక చెక్క దిమ్మ పెట్టారు. పక్క నుంచి చూస్తే అది లంబకోణ త్రిభుజం: నేల మీద 24 సెం.మీ., నిలువు 7 సెం.మీ., స్కూటర్ ఎక్కే ఏటవాలు 25 సెం.మీ. దిమ్మ వెడల్పు 40 సెం.మీ. ఘనపరిమాణం ఎంత?

సాధన: ఒకేలా వచ్చే ముక్క త్రిభుజం, కాబట్టి భూమి అదే.
త్రిభుజ వైశాల్యం = ½ × 24 × 7 = 84 చ.సెం.మీ.
పట్టకం ఎత్తు = 40 సెం.మీ.
ఘనపరిమాణం = 84 × 40 = 3360 ఘ.సెం.మీ.

మీ పాప ఆగేది ఇక్కడే అయి ఉంటుంది. ఇందులో రెండు ఎత్తులున్నాయి. 7 త్రిభుజానిది, 40 పట్టకానిది. ఒకే లైన్‌లో అన్నీ గుణిస్తే రెండూ కలిసిపోతాయి, అందుకే రెండు లైన్లలో చేయించండి. మొదటి లైన్ చివర చ.సెం.మీ., రెండో లైన్ చివర ఘ.సెం.మీ. తప్పకుండా రాయాలి. తప్పు జవాబు వచ్చినా కొట్టేయకుండా చూడండి, ఎక్కడ జారిందో ఆ సంఖ్యే చెబుతుంది. 6720 వస్తే సగం చేయడం మరిచిపోయింది. 3500 వస్తే 24 బదులు ఏటవాలు 25ను తీసుకుంది. ఈ రెండోది మోసం చేస్తుంది, ఎందుకంటే అసలు జవాబుకు దగ్గరగా ఉంటుంది. వైశాల్యానికి కావాల్సినవి లంబకోణం దగ్గర కలిసే రెండు భుజాలే. కర్ణాన్ని ఇక్కడ కావాలనే ఇచ్చాను, ఏది వదిలేయాలో తెలియడం కూడా పాఠంలో భాగమే.

నాలుగో లెక్క. ఖాళీ సంపు పొడవు 2.5 మీ., వెడల్పు 2 మీ., లోతు 1.8 మీ. వాటర్ బోర్డు ట్యాంకర్ 5000 లీటర్లు పోసింది. నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయి?

సాధన: 10 సెం.మీ. ఘనంలో ఒక లీటరు పడుతుంది. ఒక ఘ.మీ.లో అలాంటివి 10 × 10 × 10 = 1000. కాబట్టి 5000 లీటర్లు = 5 ఘ.మీ.
భూవైశాల్యం = 2.5 × 2 = 5 చ.మీ.
నీటి ఎత్తు = 5 ÷ 5 = 1 మీటరు.
1.8 కంటే తక్కువ కాబట్టి పొంగదు. లీటర్లను మార్చకుండా 5000ను 5తో భాగించి 1000 మీటర్లు అని రాసే పిల్లలు ఉంటారు. అలా రాస్తే, మీ ఇంటి సంపు దగ్గరికి తీసుకెళ్లి మూత తీసి చూపించండి.

ఐదో లెక్క. ఒక అపార్ట్‌మెంట్ ఈతకొలను పొడవు 10 మీ., వెడల్పు 5 మీ. ఒక చివర లోతు 1 మీ., రెండో చివర 1.8 మీ., అడుగు ఒకే వాలుగా దిగుతుంది. నిండా నింపితే ఎన్ని లీటర్లు?

సాధన: అడుగుభాగాన్నే భూమిగా తీసుకోవాలనిపిస్తుంది, కానీ పైనుంచి కింది దాకా పొరలు ఒకేలా లేవు. లోతున్న వైపు కింది పొరలు పొట్టివైపోతాయి. అదే ఒక పొడవాటి గోడ నుంచి ఎదురు గోడ దాకా కోస్తే ప్రతి ముక్కా ఆ గోడ ఆకారంలోనే ఉంటుంది. అది ట్రెపీజియం. దాని సమాంతర భుజాలు రెండు లోతులు, 1 మరియు 1.8. వాటి మధ్య దూరం 10.
గోడ వైశాల్యం = ½ × (1 + 1.8) × 10 = 14 చ.మీ.
పట్టకం ఎత్తు = కొలను వెడల్పు = 5 మీ.
ఘనపరిమాణం = 14 × 5 = 70 ఘ.మీ. = 70,000 లీటర్లు. అంటే 5000 లీటర్ల ట్యాంకర్లు 14.

జవాబు సరిచూడటానికి ఒక దారి ఉంది. కొలనంతా 1 మీటరు లోతే ఉంటే 50 ఘ.మీ., అంతా 1.8 మీటర్లే ఉంటే 90 ఘ.మీ. అసలు జవాబు ఈ రెండింటి మధ్య పడాలి, 70 సరిగ్గా నడిమధ్యన ఉంది. పాప 90 తెచ్చిందంటే అడుగును భూమిగా పెట్టి పెద్ద లోతుతో గుణించిందని అర్థం. గోడ బొమ్మ విడిగా గీయించి, దానికి రంగు వేయించి మళ్లీ చేయించండి.

ఇది సాఫీగా వస్తే అదే కొలనులో మొదటి 4 మీటర్లు 1 మీటరు లోతుతో సమతలంగా ఉండి, మిగతా 6 మీటర్లలో 1.8 దాకా దిగుతుందని మార్చి ఇవ్వండి. గోడ ఒక దీర్ఘచతురస్రం, ఒక ట్రెపీజియంగా విడిపోతుంది: 4 + 8.4 = 12.4 చ.మీ., దాన్ని 5తో గుణిస్తే 62 ఘ.మీ.