ఒక టీవీ, ఐదు బిల్లులు: డల్లాస్ తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ,

అమెరికా వచ్చి ఆరు నెలలైనా కాలేదు, ఒక్క టీవీకి ఐదు సబ్‌స్క్రిప్షన్లు పెట్టుకున్నావు. చికాగోలో ఉన్న బావమరిదితో నెట్‌ఫ్లిక్స్ పంచుకోవచ్చా, మార్చిలో అమ్మానాన్నలు వస్తే ప్రొఫైళ్లు సరిపోతాయా, ఏది ఎప్పుడు ఆపాలి అని అడిగావు. మూడింటికీ చెబుతాను. కానీ నువ్వు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది, అసలు డబ్బు పోయేది అక్కడే. ఆ ఐదింటికీ నీ దగ్గర డబ్బు తీసుకుంటున్నది ఎవరు?

మేము 2017లో టెక్సాస్ వచ్చాం. థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లో టీవీ కొన్నాం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కార్డు నంబరు అడిగితే ఇచ్చేశాను. ఆ వారమే ఒక యాప్‌లో ‘వారం రోజులు ఉచితం’ అని కనిపిస్తే రిమోట్‌లో ఓకే నొక్కాను. ఒక సినిమా చూశాం. తర్వాత ఆ యాప్‌ని టీవీలోంచి తీసేసి, ఇక దాని పని అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత అదే యాప్ ఫోన్‌లో వేసుకుని, వేరే ఈమెయిల్‌తో మళ్లీ చేరాను. అంటే ఒకే యాప్‌కి రెండు బిల్లులు.

పదకొండు నెలలు నాకు తెలియలేదు. ఎందుకంటే కార్డు స్టేట్‌మెంట్‌లో యాప్ పేరు లేదు, టీవీ కంపెనీ పేరు ఉంది. అది టీవీ వారంటీ డబ్బనుకున్నాను. టాక్సుల కోసం స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నప్పుడు గానీ అనుమానం రాలేదు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే, ‘మీకు మా దగ్గర ఒక్క బిల్లే ఉంది’ అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. రెండోది టీవీ కంపెనీ స్టోర్ ద్వారా వెళ్తోంది, అది వాళ్లకు కనపడదు. నెలకు 6.99 డాలర్ల చొప్పున పదకొండు నెలలకు 76.89 డాలర్లు పోయాయి. తిరిగి ఒక్క సెంటు రాలేదు. అప్పట్లో మా ఇద్దరికీ రెండు వారాల పాలు, కూరగాయలు, పప్పులు ఆ డబ్బుతో వచ్చేవి.

అందుకని ఈ శనివారం గత రెండు నెలల కార్డు స్టేట్‌మెంట్లు తీసి, ఐదు సబ్‌స్క్రిప్షన్ల పేర్లూ ఒక కాగితం మీద రాయి. పక్కన ఏ ఈమెయిల్‌తో చేరావో, బిల్లు ఎవరి పేరు మీద వస్తోందో రాయి. యాప్ సొంత వెబ్‌సైటా, టీవీ కంపెనీయా, ఫోన్ స్టోరా, ప్రైమ్ వీడియో లోపల ఛానల్‌గా తీసుకున్నదా? ఎక్కడ డబ్బు కడుతున్నావో అక్కడే ఆపాలి. నీది రోకు టీవీ అన్నావు కాబట్టి, దాని ద్వారా చేరిన యాప్ మీద నిలబడి రిమోట్‌లో నక్షత్రం గుర్తు బటన్ నొక్కితే Manage subscription వస్తుంది. ఐఫోన్ ద్వారా చేరినవి సెట్టింగ్స్‌లో నీ పేరు కింద Subscriptionsలో ఉంటాయి. యాప్ తీసేసినంత మాత్రాన బిల్లు ఆగదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది మనవాళ్లు నా దగ్గరకు వచ్చారో!

ఇక బావమరిది సంగతి. మా తొలి రోజుల్లో నలుగురు స్నేహితులం ఒకే నెట్‌ఫ్లిక్స్ వాడేవాళ్లం. 2023 మే నుంచి అమెరికాలో ఆ రోజులు పోయాయి. ఒక అకౌంటు ఒకే ఇంట్లో ఉండేవాళ్లకే. వేరే ఇంట్లో ఉండేవాళ్లకు ‘ఎక్స్‌ట్రా మెంబర్’గా విడిగా కట్టాలి, అదీ ఇదే దేశంలో ఉంటేనే. గుంటూరులో అమ్మానాన్నలను నీ అకౌంట్‌లో అలా కలపలేవు. 2025 ధరల్లో లెక్క వేసి చూడు. స్టాండర్డ్ ప్లాన్ 17.99, ఎక్స్‌ట్రా మెంబర్ 8.99, మొత్తం 26.98. చెరి సగం 13.49. అదే ఇద్దరూ ఎవరికి వారు యాడ్స్ ఉన్న ప్లాన్ తీసుకుంటే తలా 7.99. యాడ్స్ ప్లాన్‌లో కొన్ని సినిమాలు రావు, అది ఒప్పుకోవాలి. ధరలు మారుతుంటాయి, ఇవాళ్టివి వాళ్ల సైట్‌లో చూసుకో. కానీ బంధువును నెలనెలా డబ్బు అడిగే పని పెట్టుకోకు. నేను ఏడాది పాటు ఒక స్నేహితురాలి వాటా అడగలేక నేనే కట్టాను.

ప్రొఫైల్ వేరు, స్క్రీన్ వేరు. కొత్తవాళ్లందరూ పొరబడేది ఇక్కడే. నెట్‌ఫ్లిక్స్‌లో ఐదు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. అయితే స్టాండర్డ్ ప్లాన్‌లో ఒకేసారి నడిచేవి రెండు స్క్రీన్లే. నాన్నగారు టీవీలో, నువ్వు ఫోన్‌లో చూస్తుంటే, మీ ఆవిడ ట్యాబ్‌లో పెట్టేసరికి ఎక్కువ మంది చూస్తున్నారని వస్తుంది. దానికోసం పెద్ద ప్లాన్‌కి వెళ్లొద్దు. ఉన్నది ఒక్క టీవీ, అమ్మానాన్నలు ఉండేది నాలుగైదు నెలలు. వాళ్లిద్దరికీ కలిపి ఒక ప్రొఫైల్ చాలు, వాళ్లు చూసిన సీరియళ్లు నీ జాబితాలో కలవకుండా ఉంటాయి.

ఇప్పుడు ఆపడం. నా పద్ధతి ఏమిటంటే, చేరిన రోజే క్యాన్సిల్ చేస్తాను. నెట్‌ఫ్లిక్స్ లాంటి వాటిలో కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడనిస్తారు. మళ్లీ పది నెలల్లోపు చేరితే పాత ప్రొఫైళ్లు, చూసిన లెక్క అలాగే ఉంటాయి. ఉచిత ట్రయల్‌కి మాత్రం ఇలా చేయకు. కొన్నింటిలో క్యాన్సిల్ నొక్కగానే ట్రయల్ ఆగిపోతుంది. అలాగని చివరి గంట దాకా కూడా ఆగకు. ఆపిల్ ద్వారా తీసుకున్న ట్రయల్‌ని కనీసం 24 గంటల ముందు ఆపాలి. చివరి రోజుకు రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకో.

ఎప్పుడు చేరాలన్నది సినిమాలను బట్టి చూసుకో. థియేటర్‌లో మన సినిమా మొదలయ్యేటప్పుడు టైటిల్స్‌లో డిజిటల్ పార్ట్‌నర్ ఎవరో వేస్తారు. అది గుర్తుపెట్టుకో. చాలా తెలుగు సినిమాలు నాలుగు వారాలు దాటాక ఓటీటీకి వస్తున్నాయి కాబట్టి, సంక్రాంతి సినిమాలు ఫిబ్రవరిలో దిగుతాయి. ఒకే ఓటీటీ రెండు సినిమాలు కొనుక్కుంటే, రెండోది వచ్చిన రోజున చేరు. ఒక్క నెల బిల్లులో రెండూ అయిపోతాయి. నేను అలా నెట్‌ఫ్లిక్స్‌ని ఏడాదికి నాలుగు నెలలే ఉంచుకుంటాను. 2025 స్టాండర్డ్ ప్లాన్ ధర లెక్కన పన్నెండు నెలలకు 215.88 డాలర్లు అయ్యే చోట 71.96తో సరిపోయింది, 143.92 మిగిలింది. ఐపీఎల్ కోసం తీసుకున్నది కూడా మార్చి చివర నుంచి రెండు నెలలే. ఫైనల్ అయిన మర్నాడు అది నీ లిస్టులో ఉండకూడదు. ఏడాది ప్లాన్ చవకగా కనిపించినా, ప్రతి నెలా చూసేదానికే కట్టు.

అమ్మానాన్నలు రాకముందే కొనుగోళ్లకు పిన్ పెట్టు. మా అత్తగారు రిమోట్‌తో పాత సినిమా వెతుకుతూ ఓకే నొక్కుతూ పోయేసరికి, ఒక అద్దె సినిమా, ఒక ఛానల్ నా కార్డు మీద పడ్డాయి. ఆవిడకు అది బిల్లు అని తెలియనే తెలియదు, తర్వాత తెలిసి రెండు రోజులు టీవీ జోలికే వెళ్లలేదు. పిన్‌ని రోకు అకౌంట్‌లో ఒకటి, ప్రైమ్ వీడియోలో ఒకటి, విడివిడిగా పెట్టాలి. ఒకచోట పెడితే రెండోచోట పనిచేయదు.