కాప్షన్‌లో ఏం రాయాలి: ఒక చెల్లెలికి

చెల్లెమ్మా,

ఒక గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ కనిపించే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద నువ్వు ఇన్‌స్టాగ్రామ్ కోసం చేసిన ఏడు స్లైడ్లూ చూశాను. బాగున్నాయి. కాప్షనే మార్చాలి. కుందూరు చోళులు కట్టించారని రెండో స్లైడ్‌లో ఉంది, మూడు గర్భగుళ్ల త్రికూటాలయమని మూడో దాంట్లో ఉంది. కాప్షన్‌లో మళ్లీ అవే. స్లైడ్లు చూసినవాళ్లు దాన్నెందుకు చదవాలి?

కాప్షన్ పక్కన స్లైడ్లు తెరిచి పెట్టుకో. స్లైడ్ చెప్పేసిన ప్రతి వాక్యాన్నీ కొట్టెయ్. నీదాంట్లో మిగిలింది ఒక్కటే: "ఫ్లాష్ వేస్తే ఫొటోలో నీడ పడదు." అసలు కాప్షన్ అక్కడ మొదలవుతుంది. బొమ్మలో చూపలేనివి, అక్కడ నిలబడ్డవాళ్లకే తెలిసేవి దానికి చేర్చు. ఎండ బాగున్న రోజు వెళ్లాలి, గుమ్మం దగ్గర జనం అడ్డుగా ఉంటే కాసేపు ఆగాలి, లోపలి చీకటికి కళ్లు అలవాటు పడాలి.

ఫీడ్‌లో కాప్షన్ మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. అందుకే "హాయ్ ఫ్రెండ్స్" తీసెయ్. ఊరు, గుడి పేరు ఆ వరుసల్లోనే రావాలి. స్లైడ్ మీద బొమ్మలో కలిసిపోయిన అక్షరాలు సెర్చ్‌కు అందుతాయని నమ్ముకోవద్దు. మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు కాబట్టి Chaya Someswara Temple, Panagal, Nalgonda అని ఒక్కసారి రాయి. అంతకుమించి పేర్లు కుప్పపోస్తే చదివేవాళ్లకు చిరాకు.

నేనైతే ఇలా రాస్తాను:

"నల్లగొండ పక్కనే పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్తే ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ఆ వెలుగు పడితే ఫొటోలో నీడ మాయమవుతుంది. ఎండ బాగున్న రోజు వెళ్లండి. నీడ పడే గర్భగుడి ముందు కాసేపు కదలకుండా నిలబడండి, చీకటికి కళ్లు అలవాటయ్యాక నీడ స్పష్టంగా తెలుస్తుంది. (Chaya Someswara Temple, Panagal, Nalgonda) మీరు ఏ వేళకు వెళ్లారు, నీడ ఎక్కడ కనిపించింది?"

చివరి ప్రశ్న చూడు. నువ్వు "మీకు నచ్చిందా?" అని అడిగావు. దానికి ఒక చప్పట్ల బొమ్మ పెట్టి వెళ్లిపోతారు. ఏ వేళకు అని అడిగితే వెళ్లినవాళ్లు గుర్తు చేసుకుని ఒక్క వరుసలో చెప్పగలరు. ఒకరు పొద్దున, ఇంకొకరు సాయంత్రం అని రాస్తే, నీడ పొద్దంతా కదలదన్న నీ నాలుగో స్లైడ్‌కు వాళ్లే సాక్షులవుతారు. ఎవరైనా వేరేగా చూశామంటే దాన్నీ పట్టించుకో, తర్వాతి పోస్టుకు అదే విషయం. ఒకే ప్రశ్న ఉంచు. దాని కింద "ఫాలో అవ్వండి, షేర్ చేయండి" అని రాస్తే ప్రశ్న వెనక్కి పోతుంది.

అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం స్లైడ్లకు కూడా ఇలాగే కాప్షన్ రాసి పంపు, చూస్తాను.

మీ అన్న