టెక్ సందేహాలు: గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు నడవదు?

సార్, మాది మిర్యాలగూడ. కింద హాల్లో ఫైబర్ రౌటర్ ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాన్. మిద్దె మీది గదిలో సిగ్నల్ రాదని వైఫై ఎక్స్‌టెండర్ తెచ్చి, ఆ గదిలోనే ప్లగ్గులో పెట్టిన. ఫోన్‌లో గీతలన్నీ నిండుగ చూపిస్తది గని, 5, 6 ఎంబీపీఎస్ దాటదు. నెల కింద రౌటర్ మార్చిన్రు. ఎక్స్‌టెండర్‌ను మళ్ల కలుపుకున్న. అప్పటిసంది కరెంటు పోయొస్తే చాలు, గీతలు ఉంటయి, నెట్ ఉండదు. వైఫై ఆపి మళ్ల వేస్తే ఒక్కోసారి వస్తది. ఎక్స్‌టెండర్ పాడైందంటరా?

పాడైనట్టు లేదండి. ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కూ ఎక్స్‌టెండర్‌కూ మధ్య ఉన్న సిగ్నల్‌నే చెప్తాయి. ఎక్స్‌టెండర్‌కు కింది రౌటర్ నుంచి ఎంత అందుతోందో వాటికి తెలియదు. ఆ పెట్టె మీ పక్కనే ఉంది కాబట్టి గీతలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. కింది నుంచి చుక్క చుక్కగా వచ్చే నీళ్లను పెద్ద పైపుతో పంచినా ధార పెరగదు కదా.

మీ పొరపాటు చాలామంది చేసేదే. సిగ్నల్ అందని గదిలో ఫోన్‌కు ఎలా అందదో, ఎక్స్‌టెండర్‌కూ అలాగే అందదు. ముందు దాని ప్లగ్గు తీసేసి, ఫోన్‌ను కింది రౌటర్ వైఫైకి కలపండి. వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్‌ను డీబీఎంలలో చూపిస్తుంది. ఈ అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. రౌటర్ పక్కన మైనస్ 35, 40 ఉంటుంది. అక్కడి నుంచి మెట్లెక్కుతూ పోండి. మైనస్ 60, 65 మధ్య చూపించే చోటే ఎక్స్‌టెండర్ ఉండాల్సిన చోటు. పై గదిలో బహుశా మైనస్ 80 దగ్గర ఉంటుంది.

ఆ తేడా వేగాన్ని ఎలా తినేస్తుందో మీ లెక్కతోనే చూద్దాం. మైనస్ 80 దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ మీద రౌటర్‌కూ ఎక్స్‌టెండర్‌కూ మధ్య లింకు 26 ఎంబీపీఎస్ కుదిరిందనుకోండి. వైఫైలో సగం దాకా దాని సొంత కబుర్లకే పోతుంది, చేతికి వచ్చేది 13. మామూలు ఎక్స్‌టెండర్ అదే ఛానెల్ మీద ఒకసారి రౌటర్ నుంచి విని, మళ్లీ అదే మాటను మీ ఫోన్‌కు చెప్పాలి. రెండూ ఒకేసారి చేయలేదు కాబట్టి 13 కాస్తా ఆరు, ఆరున్నర అవుతుంది. మీరు చెప్పిన అంకె దాదాపు అదే. అదే పెట్టెను మంచి సిగ్నల్ ఉన్న చోటికి మారిస్తే, లింకు 144 కుదిరితే, ఇదే లెక్కన 35 దాకా రావచ్చు. 100 మాత్రం రాదు, ఆశ పెట్టుకోవద్దు. మీది డ్యూయల్ బ్యాండ్ అయితే రౌటర్‌తో 5 గిగాహెర్ట్జ్ మీద, ఫోన్‌తో 2.4 మీద మాట్లాడేట్టు పెట్టుకుంటే ఈ సగం కోత తప్పుతుంది. కానీ 5 గిగాహెర్ట్జ్‌కు గోడలంటే గిట్టదు, కాబట్టి చోటు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

మన దగ్గర ఇళ్లకు స్లాబే పెద్ద అడ్డు. సిమెంటు, లోపల ఇనుప చువ్వలు, రెండూ సిగ్నల్‌ను మింగేస్తాయి. పాత ఇళ్లలోని మందపాటి రాతి గోడలు ఇంకా ఘోరం. అందుకే మెట్ల మలుపు దగ్గరి ప్లగ్గు వెతకమంటాను. అక్కడ స్లాబు తెరిచే ఉంటుంది, సిగ్నల్ ఆ సందులోంచి పైకి పోతుంది. నేలకు రెండు, మూడు అడుగులైనా ఎత్తులో పెట్టండి. ఇనుప బీరువా వెనుక, ఫ్రిజ్ పక్కన వద్దు.

ఇక కరెంటు పోయొస్తే నెట్ ఆగడం. ఇది సెట్టింగుల గొడవ. ఇంట్లో ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే పని ఒక్క రౌటరే చేయాలి. దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. చాలా ఎక్స్‌టెండర్లు రౌటర్ దొరకనప్పుడు తామే అడ్రస్‌లు పంచుతాయి, వాటి సెట్టింగుల పేజీ తెరవడానికి వీలుగా. కరెంటు రాగానే ఎక్స్‌టెండర్ ముందు లేస్తుంది, ఫైబర్ రౌటర్‌కు ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు మీ ఫోన్ ఎక్స్‌టెండర్ దగ్గరే అడ్రస్ తీసుకుంటుంది. తర్వాత రౌటర్ వచ్చినా ఫోన్ ఆ పాత అడ్రస్‌నే పట్టుకుని కూర్చుంటుంది. వైఫై ఆపి వేస్తే కొత్త అడ్రస్ అడుగుతుంది కాబట్టి నెట్ వస్తుంది. పై గదిలో సిగ్నల్ బలహీనమై లింకు తెగినప్పుడల్లా కూడా ఇదే జరుగుతుంది.

రుజువు కావాలంటే, నెట్ ఆగినప్పుడు ఫోన్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి `Gateway` చూడండి. ఉదాహరణకు కొత్త రౌటర్ అడ్రస్ `192.168.1.1` అయితే, అక్కడ అదే ఉండాలి. `192.168.0.254` లాంటి వేరే అంకె ఉంటే అది ఎక్స్‌టెండర్ ఇచ్చిందే. ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా తేలిక, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇవి ఒక్కొక్కటిగా కొట్టండి. మొదటి పింగ్ రౌటర్‌ను, రెండోది బయటి నెట్‌ను పలకరిస్తుంది:

```
ipconfig
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటి పింగ్‌కే జవాబు రాకపోతే, లేదా వెయ్యి మిల్లీసెకన్లు, `Request timed out` అంటూ తడబడితే, తప్పు ఎక్స్‌టెండర్‌కూ రౌటర్‌కూ మధ్యే. మొదటిది 5, 10 మిల్లీసెకన్లలో వచ్చి రెండోది రాకపోతే ఎక్స్‌టెండర్ జోలికి పోకండి, కంపెనీవాళ్లకు ఫోన్ చేయండి.

సరిచేయడానికి ఎక్స్‌టెండర్ పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీని `Off` చేయండి. దాని సొంత ఐపీని మీరే కట్టేసి ఉంచితే, రౌటర్ నుంచి ఆటోమేటిక్‌గా తీసుకునేలా మార్చండి. ఆ ఐపీ పాత రౌటర్ అడ్రస్‌ల వరుసలోనే ఉండిపోయి ఉండవచ్చు. పేజీ తెరుచుకోకపోతే పిన్నుతో రీసెట్ నొక్కి మొదటి నుంచి కలుపుకోవడమే మేలు, పది నిమిషాల పని. ఆ తర్వాత కరెంటు పోయొచ్చినప్పుడు గొడవ పెడితే, రౌటర్ దీపాలు నిలిచాక ఎక్స్‌టెండర్‌ను ఒకసారి తీసి పెట్టండి. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంటే ఎక్స్‌టెండర్‌నూ అదే లైన్‌లో పెట్టండి.

రౌటర్ పేజీ తెరిచినప్పుడే సెక్యూరిటీ కూడా చూడండి. `WPA2-PSK (AES)` ఉండాలి. `TKIP` ఉంటే వేగం 54 ఎంబీపీఎస్ లింకు దగ్గరే ఆగిపోతుంది. కొత్త రౌటర్లలో `WPA3` ఒక్కటే పెట్టి ఉంటే పాత ఎక్స్‌టెండర్ అసలు కలవదు.

ఇవన్నీ చేసేటప్పుడు ఎక్స్‌టెండర్ వైఫైకి `Illu_Paina` అని వేరే పేరు పెట్టుకోండి. రెండింటికీ ఒకే పేరుంటే ఫోన్ దేన్ని పట్టుకుందో తెలియక, కొలిచిందంతా వృథా అవుతుంది.

పై గదిలో ఆన్‌లైన్ క్లాసులో, ఆఫీసు పనో ఉంటే మాత్రం నా ఓటు తీగకే. రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి 20 మీటర్ల క్యాట్-6 కేబుల్‌ను మెట్ల పక్కగా పైకి లాగి, ఎక్స్‌టెండర్ పోర్టులో పెట్టి, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చండి. అప్పుడది మీ గదిలోనే ఉండవచ్చు, సగం కోతా ఉండదు. కొన్ని ఎక్స్‌టెండర్లకు పోర్టు ఉండదు, కేబుల్ కొనేముందు ఒకసారి తిప్పి చూసుకోండి. పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా మీ ప్లాన్‌కు సరిపోతుంది.