ఓటీపీ చెబితే అప్రూవల్ అయిపోయినట్టేనా?

ప్రశ్న: మాది చిన్న ప్యాకింగ్ యూనిట్. బ్యాంకు సైట్‌లో అకౌంటెంట్ పేమెంట్ పెడతారు, నేను అప్రూవ్ చేయాలి. నేను ఊళ్లో లేకపోతే పని ఆగిపోతోంది. నా లాగిన్ ఆయనకే ఇచ్చి, ఓటీపీ ఫోన్‌లో చెబితే సరిపోతుందా?

జవాబు: వద్దండీ. ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. లాగిన్ ఇచ్చేశాక బ్యాంకు రికార్డులో పేమెంట్ పెట్టే మేకర్, దాన్ని అప్రూవ్ చేసే చెకర్ అని రెండు పేర్లుంటాయి గానీ పని చేసేది ఒక్కరే. సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది యూజర్ ఐడీ మాత్రమే. కీబోర్డు ముందు కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. పేమెంట్ పెట్టిన ఐడీ, అప్రూవ్ చేసిన ఐడీ వేరువేరుగా ఉన్నాయా అని మాత్రమే అది చూస్తుంది.

మీ ఇబ్బందికి దారి ఉంది. భాగస్వామినో, ఇంట్లో నమ్మకమైనవారినో రెండో చెకర్‌గా పెట్టమని బ్యాంకుకు రాసివ్వండి. చిన్న మొత్తాలకు ఇద్దరిలో ఎవరు అప్రూవ్ చేసినా చాలు, పెద్ద మొత్తాలకు ఇద్దరూ చేయాలి అని నియమం పెట్టించండి. కొత్త యూజర్లను చేర్చే అడ్మిన్ హక్కు మాత్రం అకౌంటెంట్ దగ్గర ఉండకూడదు. ఆ హక్కు ఉంటే చెకర్‌ను ఆయనే సృష్టించుకోగలరు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మరొకటి. అట్టల సప్లయర్‌కు 4,80,000 రూపాయలు ఇవ్వాలనుకోండి. బిల్లు నిజమే, మొత్తమూ నిజమే. కానీ సప్లయర్ వివరాల్లో బ్యాంకు ఖాతా నంబరును ఎవరో ముందురోజే మార్చేశారు. మీరు పేరు, మొత్తం చూసి నిజాయితీగానే అప్రూవ్ చేస్తారు, డబ్బు ఇంకెవరి ఖాతాలోకో పోతుంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టే. ఖాతాదారు పేరు ముందే చూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1కల్లా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. అయితే ఆ పేరును చూసేది కూడా నంబరు మార్చిన మనిషే అయితే ఏం లాభం? అందుకే ఖాతా వివరాల మార్పుకు విడిగా అప్రూవల్ పెట్టండి. ఆ అప్రూవల్ ఇచ్చేవారు సప్లయర్ పాత ఫోన్ నంబరుకే ఫోన్ చేసి కనుక్కోవాలి, మార్పు కోరుతూ వచ్చిన మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు.

అసలు అప్రూవల్ స్క్రీన్లు తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం. పేరు, మొత్తం పెద్దక్షరాల్లో చూపించి, ఖాతా నంబరును మరో క్లిక్ వెనక దాచేస్తారు. ‘ఈ ఖాతా నిన్ననే మారింది’ అని ఎర్రగా చూపించడానికి ఏం కష్టం? అకౌంటింగ్ ప్యాకేజీలైతే మొదటి యూజర్‌కే అన్ని హక్కులూ కట్టబెడతాయి, ఆ మొదటి యూజర్ దాదాపు ఎప్పుడూ అకౌంటెంటే.

మీ లాగిన్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈరోజే పాస్‌వర్డ్ మార్చి, ఏ ఐడీతో ఎప్పుడు ఏం చేశారో చూపే ఆడిట్ లాగ్‌ను బ్యాంకు నుంచి తీసుకోండి. మీరు ఊళ్లో లేని రోజుల్లో పేమెంట్ పెట్టిన ఐపీ అడ్రస్ నుంచే కొద్ది సెకన్లలో అప్రూవల్ కూడా పడి ఉంటే, ముందుగా ఆ పేమెంట్ల ఖాతా నంబర్లను అసలు బిల్లులతో సరిచూడండి.