ఫ్లారెన్సు పాత పద్దులు చదవబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి,

నువ్వు ఇటలీలోని ఫ్లారెన్సు ఆర్కైవ్స్‌లో 15వ శతాబ్దపు కుటుంబాల ఆస్తి లెక్కల మీద పనిచేయబోతున్నావని మీ నాన్న చెప్పగానే గర్వంగా అనిపించింది, ఆ వెంటే గుబులూ పుట్టింది. స్వెట్టర్, పెన్సిళ్లు, లాటిన్ నిఘంటువు సంగతి నీకు చెప్పనక్కర్లేదు. 1427 నాటి కతాస్తో పన్ను లెక్కల్లో గుమస్తాలు రాసిన నకళ్లతో సరిపెట్టుకోకు. ఇంటి యజమానులు దాఖలు చేసిన అసలు పత్రాలూ చూడు, సంగతులు వాటిలోనే ఎక్కువ.

నా భయమంతా ఒక్కదాని గురించే. ఒక ఇంటి లెక్కలో ఇద్దరు పసిపిల్లలు బాబాయి దగ్గర కనిపిస్తారు, తల్లి ఉండదు. కొత్తవాళ్లు వెంటనే "తల్లి చనిపోయింది" అని రాసేస్తారు. తొందరపడకమ్మా! పన్ను వేసే ఆస్తిలోంచి ఇంట్లో తలకు 200 ఫ్లోరిన్ల మినహాయింపు ఉండేది కనుక, ఆమె ఆ ఇంట్లో ఉంటే పేరు రాయకుండా వదలరు. పేరు లేదంటే ఆమె చనిపోయి ఉండాలి, లేదా వెళ్లిపోయి ఉండాలి. అక్కడ పద్దెనిమిదేళ్ల పిల్లను ముప్ఫై ఏళ్లవాడికి ఇవ్వడం మామూలు, అందుకే చిన్న వయసు విధవలు ఎక్కువ. భర్త పోతే కట్నం ఆమెకు తిరిగి ఇవ్వాలి. పుట్టింటివాళ్లు ఆ సొమ్ముతో ఆమెకు మళ్లీ పెళ్లి చేయాలని చూసేవారు. పిల్లలు మాత్రం తండ్రి వంశానివాళ్లు, అక్కడే ఉండిపోయేవారు. అన్నదమ్ముల ఒత్తిడి ఎంతో తెలియకుండా ఆ తల్లిని కఠినురాలని తేల్చేయకు.

ఏది జరిగిందో తేల్చాలంటే మూడుచోట్ల వెతకాలి. పిల్లల ఆస్తి లెక్కలో బాకీల కింద తల్లి కట్నం ఉందేమో చూడు. ఆమె అన్నదమ్ముల పత్రంలో "విధవ చెల్లెలు" ఉందేమో చూడు. ఆ తర్వాత నోటరీ పుస్తకాల్లో కట్నం ముట్టినట్టు రాసిన రసీదు కోసం చూడు.

తీరా రసీదు దొరికాక తేదీ దగ్గర పప్పులో కాలేస్తారు. ఫ్లారెన్సులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. భర్త మరణం 1426 డిసెంబరు, రసీదు 1426 ఫిబ్రవరి అని ఉంటే, ఆయన బతికుండగానే కట్నం వెనక్కి వెళ్లిందనుకుని కాపురం చెడిపోయిందని కథ అల్లేస్తావు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1427. ఆయన పోయిన రెండు నెలలకే పుట్టింటివాళ్లు వచ్చారన్నమాట. ప్రతి తేదీ పక్కనా రెండు లెక్కలూ రాసుకో.

మితాక్షర ధర్మశాస్త్రం చదివినదానివి కనుక ఇంకో మాట. మన స్త్రీధనం తలపులో పెట్టుకుని అక్కడి కట్నాన్ని చదవకు. భర్త బతికున్నంత కాలం ఆ కట్నం అతని చేతుల్లోనే ఉండేది. కట్నం ఇచ్చాక, కొడుకులుంటే కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఉండేది కాదు. కాబట్టి వీలునామాలో కూతురి పేరు లేకపోతే తండ్రికి ఆమె మీద ప్రేమ లేదని రాయకు. ముందు ఆమె పెళ్లినాటి కట్నం పత్రం తీసి చూడు.

ఆశీస్సులతో,
పెదనాన్న